బెర్లిన్‌లో రూమ్ చూడ్డానికి వెళ్లేముందు స్ట్రీట్ వ్యూ: అడ్రస్ కరెక్టేనా?

మౌనిక: నమస్తే అండి, మాస్టర్స్‌కి కొత్తగా వచ్చా. శనివారం కుర్‌ఫ్యూర్‌స్టెన్‌డామ్ మీద ఒక రూమ్ చూడ్డానికి రమ్మన్నారు, ఇంటి నంబర్ రెండొందల పైన. స్ట్రీట్ వ్యూలో చూస్తే దానికి ఎదురుగా ముప్ఫై చిల్లర నంబర్లున్నాయి. ఇది ఫేక్ అడ్రసా?

రమేష్: జర్మనీలో స్ట్రీట్ వ్యూ బ్యాన్ కదమ్మా, అవి 2010 నాటి ఫొటోలు, నమ్మొద్దు. డిపాజిట్ మాత్రం ముందే పంపకు, చట్టం ప్రకారం రెండు నెలల అద్దె మించకూడదు.

సుధాకర్: రమేష్ గారూ, బ్యాన్ ఎప్పుడూ లేదు. 2010లో ఇరవై నగరాలు పెట్టి, గొడవలయ్యాక గూగుల్ వాళ్లే కొత్త ఫొటోలు తీయడం ఆపేశారు, 2023లో మళ్లీ కొత్తవి పెట్టారు. కంప్యూటర్‌లో తెరిస్తే ఫొటో ఏ నెలదో అక్కడే రాసుంటుంది.

అమ్మా, నీ అడ్రస్‌లో తేడా ఏం లేదు. బెర్లిన్ పాత వీధుల్లో చాలావాటికి నంబర్లు గుర్రపు నాడాలా వెళ్తాయి. కుర్‌ఫ్యూర్‌స్టెన్‌డామ్‌లో, అదే మనం కూడామ్ అంటాం, ఉత్తరం వైపు 11తో మొదలై హాలెన్‌జే దాకా పెరుగుతూ పోయి, అక్కడ రోడ్డు దాటి దక్షిణం వైపు వెనక్కొచ్చి 237 దగ్గర ఆగుతాయి. అందుకే ముప్ఫైకి ఎదురుగా రెండొందలు. మూలమీద వీధి బోర్డు జూమ్ చెయ్యి, ఆ బ్లాక్‌లో ఏ నంబర్ నుంచి ఏ నంబర్ దాకా ఉన్నాయో చిన్న అక్షరాల్లో ఉంటుంది. బిల్డింగ్ మొత్తం మసకగా ఉంటే కంగారుపడకు, ఎవరో అడిగి బ్లర్ చేయించుకున్నారంతే, పక్కిళ్ల నంబర్లు చూసుకో.

లావణ్య: అసలు తలనొప్పి లోపలుంటుంది. స్ట్రీట్ వ్యూ కారు వీధిలోనే తిరుగుతుంది, హింటర్‌హౌస్ అంటే పెరటి వెనక ఉండే బిల్డింగ్ కనబడదు, శాటిలైట్ వ్యూ పెడితే మధ్యలో ఖాళీ, దాని వెనక ఇంకో కప్పు కనిపిస్తాయి. నాకైతే ఒక ఓనర్ వీధి నంబర్ ఒక్కటే ఇచ్చాడు, టైమ్‌కి వెళ్లా, బెల్స్ మీద ఫ్లాట్ నంబర్లు ఉండవు కదా, ఇంటిపేర్లే, అందులో ఆయన పేరు లేదు, ఫోన్ చేస్తే ఎత్తడు, కాసేపటికి మీరు రాలేదు, ఇల్లు వేరేవాళ్లకి ఇచ్చేశా అని మెసేజ్! తీరా చూస్తే బెల్ మీద పాత కిరాయిదారు పేరుంది. కాబట్టి ముందే అడుగు: ముందు బిల్డింగా వెనకదా, ఎన్నో అంతస్తు, బెల్ మీద ఏ పేరు.

సుధాకర్: పిన్‌కోడ్ కూడా. బెర్లినర్ స్ట్రాసె అనే పేరుతో ఈ ఊళ్లోనే చాలా వీధులున్నాయి.

రమేష్: సరే, డిపాజిట్ సంగతి?

లావణ్య: మూడు నెలల కాల్ట్‌మీటె, అంటే హీటింగ్, నీళ్ల ఖర్చులు కలపని అద్దె, దాకా అడగొచ్చు, రెండు కాదు.

రమేష్: మా ఓనర్ రెండే తీసుకున్నాడు మరి.

సుధాకర్: మంచోడు దొరికాడు, చట్టం అది కాదు.

మౌనిక: థాంక్స్ అక్కా, అన్నా. శాటిలైట్‌లో చూశా, వెనకాల రెండు కప్పులున్నాయి. ఓనర్‌ని అడిగితే ఇంకా రిప్లై లేదు.