వీఎంకి సీపీయూ టైపు: `host` పెట్టాలా, జెనరిక్ ఉంచాలా?

విజ్జీ_అడ్మిన్ (విజయనగరం): ప్రాక్స్‌మాక్స్‌లో మూడు నోడ్లు ఉన్నాయండి. రెండు జియాన్ గోల్డ్ 6230, ఒకటి పాత ఇ5-2680 వి4. వీఎంలకి `host` పెట్టాలా, `x86-64-v2-AES` ఉంచాలా? స్పీడ్ ఎంత పోతుంది?

పలాస_సర్వర్: `host` పెట్టీ బాబూ, ఆలోచించకు. నేను `kvm64` మీద ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ నడిపితే నత్తనడకే, `host` చేశాక పరిగెత్తింది. జెనరిక్ అంటే సగం ప్రాసెసర్ దాచేయడమే.

నాగావళి_రావు: ఆ నెమ్మది `kvm64`లో ఏఈఎస్ లేకపోవడం వల్లండి, జెనరిక్ అన్నీ అంతే అనకూడదు. ఆయన అడిగిన దాంట్లో ఏఈఎస్ ఉంది. మోడల్ పేరు మారిస్తే ఎమ్యులేషన్ ఏమీ జరగదు, అదే చిప్ మీద అదే వేగంతో నడుస్తుంది, ఫలానా ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నాయా లేవా అన్న లిస్టే మారుతుంది, లేనివి వాడే ప్రోగ్రాములకే నష్టం.

బొబ్బిలి_కుర్రోడు: నా లాప్‌టాప్‌లో నాలుగు కోర్లే, రెండు ఇవ్వాలా మూడా?

పలాస_సర్వర్: వేరే థ్రెడ్ పెట్టు తమ్ముడూ. రావు గారూ, 6230లో ఏవీఎక్స్-512 ఉంది, డబ్బులిచ్చి కొన్నది వాడుకోకూడదేటి?

నాగావళి_రావు: 2680 వి4లో లేదు కదా, గొడవంతా అక్కడే. గెస్ట్ బూట్ అయినప్పుడు 512 ఉందని చూసుకుని దానికి తగ్గట్టు సర్దుకుంటుంది, మధ్యలో పాత నోడ్‌కి పంపితే మళ్ళీ అడగదు. మా ఆఫీసులో ఇదే అయింది, టాస్క్ లాగ్‌లో మైగ్రేషన్ ఓకే అని వచ్చింది, కన్సోల్ చూస్తే గడ్డకట్టేసింది, సీపీయూ 100 శాతం. కొన్నిసార్లు వీఎం బతికే ఉంటుంది, లోపల ప్రోగ్రామ్ ఒకటి చచ్చి `dmesg`లో `invalid opcode` కనిపిస్తుంది. పాత దాని మీద బూటైన వీఎంని కొత్తదానికి పంపితే చాలాసార్లు నడిచిపోతుంది, అందుకే టెస్ట్‌లో దొరకదు.

ఈ మూడింటికీ ఏవీఎక్స్2 కామన్ కాబట్టి వి2 కూడా అక్కర్లేదు, వి3 పెట్టండి:

```
qm set 104 --cpu x86-64-v3
qm shutdown 104 && qm start 104
```

లోపల నుంచి రీబూట్ కొడితే మారదు, పూర్తిగా ఆపి లేపాలి.

పలాస_సర్వర్: ఎప్పుడూ మైగ్రేషనే మైగ్రేషనే! రాత్రి పదింటికి వీఎం ఆపి అటు లేపితే పోయేదేముంది?

నాగావళి_రావు: మీ దగ్గర రాత్రి ఎవరూ ఉండరు కాబట్టి అంటారు. మాకు హాస్పిటల్ బిల్లింగ్, ఆపితే కౌంటర్ దగ్గర తిట్లు తినేది నేను.

పలాస_సర్వర్: ఆ ముక్క ముందే చెప్పాల్సింది. నాకు ఆపడం కుదురుద్ది, అందుకే `host`.

రాజాం_లెక్చరర్: మాకు పిల్లల ల్యాబ్‌లో వీఎం లోపల వీఎం కావాలి, వి3లో `vmx` కనబడదు. వాటికి `host` పెట్టి ఒకే నోడ్‌లో కట్టేశాం.

విజ్జీ_అడ్మిన్: మావి కలగాపులగం అండి, డేటాబేస్ ఒక్కటే ఆపకూడదు. దానికి వి3, మిగతావి `host`. అలా కలిపి నడిపిస్తే ఒప్పేనా?

నాగావళి_రావు: ఒప్పే, కాని `host` ఉన్నవాటిని రేపు ఎవడో అలవాటుగా లైవ్‌లో లాగేస్తాడు, చూడండి.

పలాస_సర్వర్: లాగినోడిది తప్పు, సెట్టింగ్‌ది కాదు.