కెపాసిటర్‌లో అయస్కాంత శక్తి కలిపితే లెక్క తప్పుతోంది, ఎందుకు?

ఎమ్మెస్సీ_ఫస్టియర్: గుండ్రటి ప్లేట్ల కెపాసిటర్, ఏసీ. ప్లేట్ల మధ్య E అంతటా ఒకటే అనుకుని B = (r/2c²)·dE/dt తీసుకున్నాను. అంచు నుంచి లోపలికి వచ్చే శక్తి, ½ε₀E² పెరుగుదలతో సరిగ్గా సరిపోయింది. B²/2μ₀ కూడా కలిపితే తేడా వస్తోంది. శక్తి నిత్యత్వం తప్పిందా, నేను తప్పానా?

సర్క్యూట్_మనిషి: ఆ B శక్తి ఎంతని? 5 సెం.మీ. ప్లేట్ వ్యాసార్ధం, 50 Hz అయితే E శక్తిలో 3×10⁻¹⁶ వంతు. వదిలేయ్ తమ్ముడూ.

పాత_లెక్చరర్: చిన్నదన్నది నిజమే, కానీ తమ్ముడు అడిగింది అది కాదు. అదే ప్లేటుకి 1 GHz ఇస్తే ఆ నిష్పత్తి (ωa/c)²/8, అంటే దాదాపు ఏడో వంతు, అప్పుడేం వదిలేస్తాం? ముందు ఒకటి చూడు బాబూ: స్థిరమైన కరెంటుతో చార్జ్ చేస్తే dE/dt మారదు, B మారదు, దాని శక్తీ పెరగదు, కాబట్టి నీ లెక్క అక్కడ పూర్తిగా నిలబడుతుంది. కరెంటు మారినప్పుడే తేడా. B మారుతుంటే ఫారడే నియమం ప్రకారం E అంతటా ఒకేలా ఉండలేదు, నువ్వేమో ఒకటే అని పట్టుకున్నావు. సవరణ ఇది:

```
E₁ = (r²/4c²)·E''
B₁ = (r³/16c⁴)·E'''
```

ఇక్కడే చాలామంది జారిపోతారు. E₁ వల్ల అంచు నుంచి అదనంగా వచ్చే శక్తిని ఒక్క B శక్తి పెరుగుదలతో పోల్చి, రెట్టింపు వచ్చిందని టెన్షన్ పడతారు. E₁ వల్ల E శక్తి కూడా మారింది కదా, దాన్ని మర్చిపోతారు. B₁ తెచ్చే ప్రవాహాన్ని కూడా కలిపి చూడు.

ల్యాబ్_అక్క: మా ల్యాబ్‌లో చార్జైన కెపాసిటర్‌ని అలాంటిదే ఇంకో ఖాళీ దానికి కలిపితే సగం శక్తి మాయమైంది. అదీ ఇదేనా?

పాత_లెక్చరర్: కాదమ్మా, అది ఎక్కువగా వైర్లలో వేడిగా, కలిపేటప్పటి నిప్పురవ్వలో పోయింది. ఇక్కడ రెసిస్టెన్సే లేదు.

ఎమ్మెస్సీ_ఫస్టియర్: వచ్చింది సార్! πa⁴dε₀/c² బయటికి తీస్తే, ప్రవాహం ¼E'E'' + ⅛E·E'''. లోపల B శక్తి నుంచి ⅛E'E'', E శక్తి నుంచి ⅛E'E'' + ⅛E·E'''. రెండు వైపులా ఒకటే. మరి 1 GHz కి ఇదే సవరణ చాలా?

పాత_లెక్చరర్: చాలదు. అక్కడ ωa/c ఒకటి దాటింది, ఈ పదాలు పొడిగించుకుంటూ పోతే వచ్చేది బెస్సెల్ ఫంక్షన్ J₀, సూటిగా దాన్నే వాడు. అంచు దగ్గర E మధ్యలో ఉన్నదాంట్లో ముప్పావు వంతే ఉంటుంది.

సర్క్యూట్_మనిషి: లెక్క ఒప్పుకుంటా. కానీ శక్తి నిజంగా పక్కల గాలిలోంచి వస్తోందని ఒప్పుకోను. పాయింటింగ్ 1884లో ఇచ్చిన ప్రవాహానికి డైవర్జెన్స్ లేని ఏ వెక్టర్ కలిపినా మొత్తం మారదు కదా, అలాంటప్పుడు దారి ఇదేనని ఎలా అంటారు?

పాత_లెక్చరర్: ఈ తూకం దాన్ని తేల్చలేదు, నిజమే. అయినా ఆ వెక్టర్‌నే c² తో భాగిస్తే వచ్చే మొమెంటమ్ లేకుండా కోణీయ మొమెంటమ్ లెక్క కుదరడం లేదు. నేనైతే అందుకే అటువైపు ఉన్నాను.