అమెరికా ఎంబీఏకి కోటి రూపాయల అప్పు: 24 లక్షల ఉద్యోగం వదిలి వెళ్లొచ్చా?

మియాపూర్_మధు
అందరికీ నమస్తే. నాకు 29 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆరేళ్ల అనుభవం. ప్యాకేజీ 24 లక్షలు, నెలకు చేతికి లక్షన్నర వస్తుంది. ప్రొడక్ట్ మేనేజర్ అవ్వాలని కోరిక. అమెరికాలో రెండేళ్ల ఎంబీఏకి సీటొచ్చింది. కాలేజీ పేరు చెప్పను, ర్యాంకుల్లో ముప్పై దాటాక ఉంటుంది. స్కాలర్‌షిప్ పోగా రెండేళ్ల ఫీజు 90,000 డాలర్లు, అక్కడ ఉండటానికి, తినడానికి ఇంకో 50,000. డాలర్ 90 రూపాయల లెక్కన మొత్తం 1.26 కోట్లు. నేను దాచుకున్నవి 26 లక్షలు, మిగతా కోటి లోన్ తీసుకోవాలి. బ్రోచర్‌లో సగటు జీతం 1,30,000 డాలర్లని ఉంది. నెలాఖరుకి డిపాజిట్ కట్టాలి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

తెనాలి_బుల్లోడు
ఇందులో ఆలోచించడానికేముంది బ్రో? 1,30,000 డాలర్లంటే 1.17 కోట్లు. ఏడాదిన్నరలో అప్పు తీర్చేయొచ్చు. పైగా ఇన్‌కమ్ ట్యాక్స్‌లో 80ఈ సెక్షన్ కింద వడ్డీ మొత్తానికి మినహాయింపు వస్తుంది. ఇక్కడే ఉంటే పదేళ్లయినా ఆ జీతం చూడవు.

పద్మజ_డాలస్
బుల్లోడు గారూ, అంత తొందరగా తీరదండి. నేను ఇక్కడే ఎంబీఏ చేసి అప్పు తీర్చినదాన్ని కాబట్టి చెబుతున్నాను. ముందు అప్పు ఎంతవుతుందో చూద్దాం. బ్యాంకు కోటి రూపాయలు ఒకేసారి ఇవ్వదు. మొదటి ఏడాది సగం, రెండో ఏడాది సగం ఇస్తుందనుకుందాం. వడ్డీ పదిన్నర శాతం. చదువుకునే రెండేళ్లు, ఆ తర్వాత ఆరు నెలలు ఈఎంఐ ఉండదు గానీ వడ్డీ పడుతూనే ఉంటుంది. మొదటి 50 లక్షల మీద 13 లక్షలు, రెండో 50 లక్షల మీద దాదాపు 8 లక్షలు. అంటే మొదటి ఈఎంఐ కట్టే రోజుకే మీ అప్పు 1.21 కోట్లు. పదేళ్లకు పెట్టుకుంటే నెలకు 1.63 లక్షలు కట్టాలి. మధు గారూ, ఇప్పుడు మీ చేతికొస్తున్న జీతం కంటే అది ఎక్కువ.

ఇక సంపాదన. టెక్సాస్‌లో రాష్ట్రానికి కట్టే ఆదాయపు పన్ను లేదు కాబట్టి 1,30,000లో నెలకు సుమారు 8,000 డాలర్లు చేతికొస్తాయి. అద్దె, కారు, తిండి కలిపి 4,000 అనుకోండి. మిగిలిన 4,000 ఒక్క డాలర్ కూడా వెనకేసుకోకుండా అప్పుకే పోస్తే 40 నెలలు పడుతుంది. చదువయ్యాక ఓపీటీ మీద పని చేసుకునే గడువు 12 నెలలు. మీ కోర్సు స్టెమ్ కింద, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల కోర్సుల జాబితాలో ఉంటే ఇంకో 24 కలిసి 36. అంటే అన్నీ అనుకున్నట్టే జరిగినా, అప్పు కంటే ముందే వీసా గడువు అయిపోతుంది.

80ఈ మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది, అదీ ఎనిమిదేళ్లే. ఇండియాలో పన్ను కట్టే ఆదాయం లేకపోతే దానివల్ల ఒరిగేదేమీ లేదు.

గుడివాడ_రైతుబిడ్డ
తమ్ముడూ, లోన్ రాదేమోనని భయపడకు. ఊళ్లో పొలం ఉంటే నాన్నగారి పేరు మీద తాకట్టు పెట్టు. మా అల్లుడు అలాగే వెళ్లాడు.

మియాపూర్_మధు
అన్నా, నా భయం లోన్ వస్తుందా రాదా అని కాదు, తీసుకోవాలా వద్దా అని. పొలం గురించి బ్యాంకులో అడిగాను. వ్యవసాయ భూమి తీసుకోరట, బాకీ పడితే స్వాధీనం చేసుకునే చట్టం దానికి వర్తించదట. ఇల్లు గానీ, అనుమతులున్న ప్లాట్ గానీ కావాలన్నారు. మాకున్నది ఒకటే ఇల్లు. నాన్న సంతకం పెట్టడానికి సిద్ధంగానే ఉన్నారు. నాకే చేతులు రావడం లేదు.

హన్మకొండ_సుజాత
నా సంగతి చెబుతాను. 2022లో యూకేలో ఏడాది ఎంబీఏకి వెళ్లాను. అప్పటికి ఏడేళ్ల అనుభవం, 21 లక్షల జీతం. చదువయ్యాక రెండేళ్లు పని చేసుకునే వీసా వచ్చింది, చిన్న కంపెనీలో ఉద్యోగమూ దొరికింది. 2024 ఏప్రిల్‌లో స్కిల్డ్ వర్కర్ వీసాకి మామూలుగా ఉండాల్సిన కనీస జీతాన్ని 26,200 పౌండ్ల నుంచి 38,700కి పెంచారు. కొత్తగా చేరేవాళ్లకి కొంత తగ్గింపు ఉన్నా, మా కంపెనీ ఆ తలనొప్పి పెట్టుకోదలచుకోలేదు. తిరిగొచ్చేశాను. ఇక్కడ 32 లక్షలకు చేరాను. జీతం పెరిగినట్టే కనిపిస్తుంది, కానీ ఈఎంఐ పోగా చేతిలో మిగిలేది వెళ్లకముందు కంటే తక్కువ. చదువు మీద నాకు కోపం లేదు. తిరిగి వస్తే ఏమిటన్న లెక్క ముందే వేసుకోలేదు, ఆ బాధ ఉంది.

మీరూ ఆ లెక్క వేయండి. ఇండియాకొచ్చి 40 లక్షలు తెచ్చుకున్నా చేతికి రెండున్నర లక్షలు. 1.63 ఈఎంఐ పోతే 87 వేలు మిగులుతాయి.

తెనాలి_బుల్లోడు
80ఈ సంగతి ఒప్పుకుంటున్నా. కానీ అందరూ తిరిగి రావడం లేదు కదా? అయినా ఇప్పుడు హెచ్1బీకి కంపెనీలు లక్ష డాలర్లు కట్టాలంటున్నారు, అది మాత్రం దెబ్బే.

పద్మజ_డాలస్
ఆ లక్ష డాలర్లు 2025 సెప్టెంబర్‌లో పెట్టిన నిబంధన. అమెరికాలోనే ఉండి స్టూడెంట్ వీసా నుంచి హెచ్1బీకి మారేవాళ్లకి అది వర్తించదని తర్వాత అధికారులు వివరణ ఇచ్చారు. మధు గారికి అంతకంటే పెద్ద విషయం హెచ్1బీ ఎవరికివ్వాలో తేల్చే లాటరీ. కొత్త పద్ధతిలో ఆ ఉద్యోగానికి ఆ ఊళ్లో ఉన్న వేతన స్థాయిని చూస్తారు. ఒకటో స్థాయి అయితే పేరు ఒకసారి, నాలుగో స్థాయి అయితే నాలుగుసార్లు వేస్తారు. ఎంబీఏ చేసి కొత్త రంగంలోకి వెళ్లేవాళ్లు మామూలుగా కింది స్థాయిల్లోనే మొదలవుతారు.

మధు గారూ, బ్రోచర్ పక్కన పెట్టి కాలేజీ వాళ్ల ఎంప్లాయ్‌మెంట్ రిపోర్ట్ తెరవండి. అందులో శాశ్వత వర్క్ పర్మిట్ ఉన్నవాళ్లు, లేనివాళ్లు అని రెండు వరసలు ఉంటాయి. మీరు రెండో వరసలో ఉంటారు. అక్కడ మూడు చూడండి: ఎంతమంది ఉద్యోగం వెతికారు, మూడు నెలలకి ఎంతమందికి దొరికింది, జీతం చెప్పినవాళ్లు ఎందరు. ఆ వరస లేకపోతే మెయిల్ పెట్టి అడగండి.

కొండాపూర్_శ్రీను
ఎంబీఏ లేకుండానే మా ఆఫీసులో ఇద్దరు డెవలపర్లు ప్రొడక్ట్ టీమ్‌లోకి మారారు. ఒకరికి ఎనిమిది నెలలు పట్టింది. ముందు అక్కడే అడిగి చూడొచ్చు కదా? మీ ఇంటికి దగ్గర్లోనే గచ్చిబౌలిలో ఐఎస్‌బీ ఏడాది కోర్సు ఉంది, ఖర్చు ఇందులో సగం కూడా కాదు.

తెనాలి_బుల్లోడు
ఐఎస్‌బీ నుంచి అమెరికా జీతం వస్తుందా? ఆ తేడా కూడా చూడాలి. నా మాట అదే, వయసులో ఉన్నప్పుడే వెళ్లాలి.

మియాపూర్_మధు
నాలుగు రోజులకి కాలేజీ నుంచి జవాబొచ్చింది. కిందటి బ్యాచ్‌లో వర్క్ పర్మిట్ లేనివాళ్లు 31 మంది వెతికితే మూడు నెలలకి 17 మందికి దొరికింది. జీతం చెప్పినవాళ్లు 12 మందే. వాళ్ల మధ్యస్థ జీతం 1,08,000. ప్రొడక్ట్ మేనేజర్లు ఇద్దరు, ఇద్దరూ అంతకుముందు అదే పని చేసినవాళ్లు.

పద్మజ గారి పద్ధతిలో మళ్లీ లెక్క వేశాను. 1,08,000కి నెలకు 2,800 డాలర్లు మిగిల్చినా అప్పు తీరడానికి అయిదేళ్లు దాటుతుంది.

పద్మజ_డాలస్
కోర్సు స్టెమ్ అవునో కాదో అడిగారా? బ్రోచర్‌లో స్టెమ్ అని రాసినా, వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రంలో మీ కోర్సుకి పడే సీఐపీ కోడ్ హోంల్యాండ్ సెక్యూరిటీ స్టెమ్ జాబితాలో ఉండాలి. ఒక్కో కాలేజీలో కొన్ని స్పెషలైజేషన్లకే ఆ కోడ్ ఇస్తారు.

మియాపూర్_మధు
అడిగాను. మామూలు ఎంబీఏకి లేదట, అనలిటిక్స్ తీసుకుంటేనే ఆ కోడ్ వస్తుందట. స్కాలర్‌షిప్ ఇంకో 30,000 పెంచగలరా అని, లేకపోతే సీటు ఏడాది వాయిదా వేస్తారా అని మెయిల్ పెట్టాను. సోమవారం మా మేనేజర్‌తో కూర్చుని ప్రొడక్ట్ టీమ్ గురించి మాట్లాడతాను. ఇంటి కాగితాలు మాత్రం బ్యాంకు నుంచి వెనక్కి తెచ్చేశాను. ఏం తేలినా ఇక్కడ రాస్తాను.