ఓజోన్ 255 నానోమీటర్ల దగ్గరే అంత బలంగా ఎందుకు శోషిస్తుంది?

స్ట్రాటోస్ఫియర్‌లో ఓజోన్ ఏర్పడే క్రమం నాకు అర్థమైంది. సుమారు 242 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కిరణం ఆక్సిజన్ అణువును రెండు పరమాణువులుగా చీలుస్తుంది. ఆ పరమాణువు మరో ఆక్సిజన్ అణువుతో కలిసినప్పుడు వెలువడే అదనపు శక్తిని పక్కనున్న నైట్రోజన్ వంటి మూడో అణువు తీసుకుపోతేనే ఓజోన్ నిలుస్తుంది. తరువాత ఓజోన్ కిరణాన్ని శోషించి చీలినా, విడిపోయిన పరమాణువు చాలావరకు మళ్లీ ఆక్సిజన్‌తో కలిసి ఓజోన్‌గానే మారుతుంది కాబట్టి, కిరణశక్తి వేడిగా మిగులుతుంది. ఈ ఏర్పాటు నిజంగా అద్భుతం.

నా సందేహం శోషణ గురించి. ఓజోన్‌లోని బంధం చాలా బలహీనమని, దాన్ని తెంచడానికి దాదాపు 1,100 నానోమీటర్ల పరారుణ కాంతికి ఉన్న శక్తి కూడా సరిపోతుందని చదివాను. అలాంటప్పుడు దృశ్యకాంతిని అతి స్వల్పంగానే శోషించే ఈ అణువు, 200 నుంచి 310 నానోమీటర్ల మధ్య, ముఖ్యంగా 255 దగ్గర, అంత తీవ్రంగా ఎందుకు శోషిస్తుంది? బంధం తెగడానికి చాలినంత శక్తి ఉండటం ఒకటి, ఆ కాంతిని అణువులోని ఎలక్ట్రాన్లు స్వీకరించగలగడం మరొకటి అని నేను ఊహిస్తున్నాను. అది సరైనదే అయితే, ఏ ఎలక్ట్రాన్ ఏ స్థాయి నుంచి ఏ స్థాయికి మారుతుందో, దృశ్యకాంతి విషయంలో ఆ మార్పు ఎందుకు బలహీనంగా ఉంటుందో తెలిసినవారు దయచేసి వివరించగలరా?