మెటా రిపోర్టులో 36, షాపు లెక్కలో 24: యజమానికి ఏది చెప్పాలి?

కొత్తగా_చేరా (బరంపురం): పట్టుచీరల షాపులో మార్కెటింగ్ ఉద్యోగం, ఇదే మొదటి వారం. పోయిన వారం యాడ్స్ ఖర్చు 12,000. మెటా రిపోర్టు 36 కొనుగోళ్లు, 72,000 అమ్మకం, ROAS 6 అంటోంది. వెబ్‌సైట్‌కు వచ్చిన ఆర్డర్లు మొత్తం 24 మాత్రమే. సోమవారం ఏ అంకె చెప్పాలి? ఈ మాటల అర్థాలు కూడా కాస్త చెప్పండి.

గంజాం_యాడ్స్: అట్రిబ్యూషన్ తేడా అండి, మామూలే. యాడ్ నొక్కిన 7 రోజుల్లో కొన్నా, నొక్కకుండా ఊరికే చూసి ఒక రోజులో కొన్నా మెటా తన ఖాతాలో వేసుకుంటుంది. డిఫాల్ట్ సెట్టింగే అది. 36 చెప్పేయండి.

లెక్కల_మనిషి: చెప్పకండి. అట్రిబ్యూషన్ వేరే దారిన వచ్చిన ఆర్డరును తనదనగలదు గానీ, లేని ఆర్డరును పుట్టించలేదు. మెటా కొనుగోలును యాడ్ చూసిన లేదా నొక్కిన రోజు కింద రాస్తుంది, షాపు ఆర్డరు వచ్చిన రోజు కింద రాస్తుంది. అందుకని వారాల మధ్య కొన్ని అటూఇటూ అవుతాయి. అయినా 12 ఎక్కువంటే డబుల్ కౌంటింగ్ అనుమానించాలి. ఒకే ఆర్డరును బ్రౌజర్‌లో నడిచే మెటా కోడ్, అంటే పిక్సెల్ ఒకసారి, వెబ్‌సైట్ సర్వర్ ఒకసారి మెటాకు పంపుతుంటాయి. రెండింట్లో ఈవెంట్ పేరు, `event_id` అనే గుర్తింపు సంఖ్య ఒకటే ఉంటే మెటా ఒకటిగా లెక్కిస్తుంది.

Events Manager‌లో Test Events తెరిచి ఒక ఆర్డరు పెట్టి చూడండి. రెండు Purchase వరుసల్లో ఒకదాని పక్కన Deduplicated అని రాకపోతే తప్పు అక్కడే. ఆ తర్వాత Ads Manager‌లో Compare attribution settings పెట్టి, క్లిక్, వ్యూ విడదీయండి.

ROAS అంటే అమ్మకాన్ని యాడ్ ఖర్చుతో భాగించడమే. 24 ఆర్డర్లూ యాడ్ వల్లే వచ్చాయనుకున్నా, ఆర్డరుకు 2,000 చొప్పున 48,000. అంటే 4 దాటదు.

కోచింగ్_పర్లాకిమిడి: మాకూ ఇదే గోల! రీచ్ 9,000, ఇంప్రెషన్స్ 31,000. ఏది నిజం?

లెక్కల_మనిషి: రెండూ నిజమే అండి, మీది వేరే సంగతి. రీచ్ మనుషుల లెక్క, ఇంప్రెషన్స్ కనబడ్డ సార్ల లెక్క. మనిషికి సుమారు మూడున్నర సార్లు కనబడింది. రిపోర్టులో ఫ్రీక్వెన్సీ అనేది అదే.

కొత్తగా_చేరా: పెట్టి చూశాను. రెండు వరుసలూ విడిగానే వచ్చాయి, సర్వర్ వైపు `event_id` ఖాళీ. విడదీస్తే క్లిక్ 24, వ్యూ 12.

లెక్కల_మనిషి: అన్నీ రెండేసి పడి ఉంటే క్లిక్ 12, వ్యూ 6. క్లిక్ మీదే చూస్తే 24,000, అంటే ROAS 2. నేనైతే యజమానికి 2 చెప్పి, వ్యూ సంగతి పక్కన రాస్తాను. సరిచేసినా పాత అంకెలు మారవు, కాబట్టి సరిచేసిన తేదీ రాసిపెట్టుకోండి.

రాయగడ_సరుకు: క్యాష్ ఆన్ డెలివరీలో తిరిగొచ్చిన చీరలు తీసేశారా? పార్సెల్ వెనక్కొచ్చిందని మెటాకు మీరు చెబితే తప్ప తెలీదు.

గంజాం_యాడ్స్: డబుల్ సంగతి ఒప్పుకుంటా. కానీ చీర యాడ్‌లో చూసి, సాయంత్రం షాపు పేరు వెతికి కొనేవాళ్లు బోలెడు మంది. వ్యూ 6 పూర్తిగా పక్కన పెడితే యజమాని రేపే బడ్జెట్ కోస్తాడు.

లెక్కల_మనిషి: ఆ ఆరుగురూ యాడ్ లేకపోయినా కొనేవారేమో, ఈ రిపోర్టులో తెలీదు. రెండు వారాలు యాడ్స్ ఆపి చూడమనండి.

గంజాం_యాడ్స్: పెళ్లిళ్ల సీజన్లోనా? మీరే అడగండి ఆయన్ని.