కారులో నొక్కితే పాట ఇంట్లో మోగుతోంది, ఏం చేయాలి?

మాది వైజాగ్, మధురవాడ. కారు స్క్రీన్‌కి ఫోన్‌ని ఆండ్రాయిడ్ ఆటోతో కలుపుతాను. మొదట ఛార్జింగ్ ఎక్కేది గానీ స్క్రీన్ మీద ఏమీ వచ్చేది కాదు. అది డేటా వెళ్లని కేబులట. వేరేది కొన్నాక ఆ గొడవ తీరింది.

ఇప్పుడు అసలు తలనొప్పి. నిన్న హనుమంతవాక సిగ్నల్ దగ్గర పాట పెట్టాను. స్క్రీన్ మీద పాట పేరుంది, కింద గీత కదులుతోంది, కారులో మాత్రం చప్పుడు లేదు. ఇంతలో మా ఆవిడ ఫోను: "ఏవండీ, హాల్లో స్పీకర్ దానంతటదే మోగుతోంది, బాబు లేచిపోయాడు!"

బండి పక్కకి ఆపి పాటల యాప్‌లో డివైజ్‌ల గుర్తు నొక్కితే ఇంటి స్పీకర్ దగ్గర టిక్ ఉంది. 'ఈ ఫోన్' ఎంచుకోగానే కారులో వచ్చింది. రాత్రి ఇంట్లో అదే అకౌంట్‌తో స్పీకర్‌లో పాటలు వింటాం, పొద్దున మళ్లీ ఇదే కథ.

బ్లూటూత్‌లో మీడియా ఆడియో ఆన్‌లోనే ఉంది. యాప్‌కి దగ్గరి పరికరాల పర్మిషన్ తీసేసి చూశాను, స్పీకర్ జాబితాలోంచి పోలేదు. అకౌంట్‌కే అతుక్కుని ఉన్నట్టుంది.

స్పీకర్‌కి వేరే అకౌంట్ పెట్టడం తప్ప దారి లేదా? ఫ్యామిలీ ప్లాన్ తీసుకోకుండా ఎవరైనా దీన్ని వదిలించుకున్నారా?