స్ట్రైక్ లేకుండానే స్పామ్ కింద చానల్ టర్మినేట్: అప్పీల్‌లో ఏం రాస్తే పనికొస్తుంది?

యూట్యూబ్‌లో సాఫ్ట్‌వేర్ పాఠాల చానల్ ఒకటి టర్మినేట్ అయింది. మెయిల్‌లో ఉన్న కారణం: స్పామ్, మోసపూరిత పద్ధతులు, స్కామ్‌లు. అంతకుముందు ఒక్క స్ట్రైక్ కూడా లేదు. 90 రోజుల్లో మూడు స్ట్రైక్‌లు పడితేనే చానల్ పోతుందని చాలామంది అనుకుంటారు గానీ, తీవ్రమైన ఉల్లంఘన అయితే ఒక్కసారికే తీసేస్తారు. చానల్ మొత్తం స్పామ్ కోసమే నడుస్తోందని తేల్చినా అంతే.

అనుమానం డిస్క్రిప్షన్ లింకుల మీద ఉంది. పాత వీడియోలన్నిటిలో ఒకే డౌన్‌లోడ్ లింక్ ఉంది. ఆ డొమైన్ గడువు తీరాక వేరేవాళ్లు కొన్నారు. ఇప్పుడది నకిలీ ఇన్‌స్టాలర్ పేజీకి వెళ్తోంది. వీడియోలో తప్పేమీ లేకపోయినా, హానికరమైన సైటుకు లింక్ ఇవ్వడం ఉల్లంఘనే కదా.

అప్పీల్‌కు ఏడాది గడువుంది, కాబట్టి తొందరపడి పంపలేదు. ఈలోగా ఇంకో చానల్ తెరిస్తే నిషేధాన్ని తప్పించుకోవడం కింద అదీ పోతుంది.

తెలిసినవారు చెప్పండి:

డొమైన్ చేతులు మారిన తేదీకి రుజువు చూపి, తప్పు ఒప్పుకుని రాయడం మేలా, లేక ఉల్లంఘనే లేదని వాదించాలా? అప్పీల్ తిరస్కరిస్తే, టర్మినేట్ అయిన ఏడాదికి కొత్త చానల్ కోసం అడిగే అవకాశం (2025 అక్టోబరులో మొదలైంది) ఎవరికైనా దక్కిందా? అందులో పాత సబ్‌స్క్రైబర్లు తిరిగి రారని తెలుసు.